58కే పెన్షన్ తీసుకోవాలా, 60 దాకా ఆగాలా: బాబాయి బుక్‌లెట్‌తో వేసిన లెక్క

మా బాబాయి గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. 2009 సెప్టెంబరు 1న చేరాడు. 2025 ఆగస్టు 31కి 58 ఏళ్ళు నిండుతాయనగా జూలైలో టైమ్ ఆఫీసు వాళ్ళు పిలిచి ఒక బుక్‌లెట్ చేతిలో పెట్టారు. జిరాక్సుకి జిరాక్సు, సగం అక్షరాలు అలుక్కుపోయాయి. మిల్లులో రిటైర్మెంటు 60కి కాబట్టి ఉద్యోగం ఇంకో రెండేళ్ళు ఉంటుంది, పెన్షన్ మాత్రం 58కే మొదలుపెట్టుకోవచ్చు. ఏం చేయాలో తేలక ఆదివారం పొద్దున్నే పిన్నిని వెంటబెట్టుకుని బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చాడు.

"ఒరే, షిఫ్టులో అందరూ 60 దాకా ఆగమంటున్నారు. ఏడాదికి నాలుగు శాతం పెరుగుతుందట. నాకు జీతం వస్తూనే ఉంది కదా, ఇప్పుడే ఎందుకు తీసుకోవడం?" అన్నాడు.

నేను చాలా ఏళ్ళుగా చిన్న కంపెనీలకు పీఎఫ్ లెక్కలు చూస్తున్నాను. ఈ "ఆగితే పెరుగుతుంది" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. పెరగడం నిజమే. ఎంత పెరుగుతుంది, దానికోసం ఎంత వదులుకుంటున్నాం అన్నది మాత్రం ఎవరూ కాగితం మీద పెట్టరు. ఆ రోజు మేం పెట్టాం. బాబాయి లాగా ఈపీఎఫ్ ఉన్న ప్రైవేటు ఉద్యోగంలో 58కి దగ్గరపడ్డవాళ్ళకి అదే లెక్క పనికొస్తుందని రాస్తున్నాను.

ఎవరు కడుతున్నారు, ఎంత కడుతున్నారు

బుక్‌లెట్‌లో మొదటి నాలుగు పేజీలు దీనికే పోయాయి. ఇది 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పెన్షన్ పథకం. అందరూ ఈపీఎస్-95 అంటారు. బాబాయి తన జీతంలో కోసే డబ్బుతోనే పెన్షన్ వస్తుందని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. అది తప్పు. ఉద్యోగి జీతంలో కోసే 12 శాతం మొత్తం పీఎఫ్ ఖాతాకే పోతుంది. పెన్షన్‌కి వెళ్ళేది యాజమాన్యం కట్టే 12 శాతంలోంచి 8.33 శాతం. దానికి తోడు కేంద్ర ప్రభుత్వం 1.16 శాతం వేస్తుంది.

జీతం ఎంతున్నా పెన్షన్ లెక్కకి తీసుకునేది 15,000 వరకే. బాబాయికి బేసిక్, డీఏ కలిపి 22,000 దాటింది. అయినా ఆయన మిల్లు పీఎఫ్ కట్టేది 15,000 మీదే. అందుకని మిల్లు వాటా 1,800లో 1,250 పెన్షన్‌కీ, 550 పీఎఫ్‌కీ వెళ్తున్నాయి. ఈ 15,000 పరిమితి 2014 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు 6,500 ఉండేది. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, లెక్కంతా దీని దగ్గరే రెండు ముక్కలవుతుంది.

"అయితే పీఎఫ్‌లో ఉన్న మొత్తం?" అంది పిన్ని. అది వేరు. ఉద్యోగం మానేశాక వడ్డీతో సహా మొత్తం చేతికొస్తుంది. పెన్షన్ నిధిలో పడ్డ డబ్బు అలా వెనక్కి రాదు, నెలనెలా పెన్షన్‌గానే వస్తుంది. పదేళ్ళు నిండినవాళ్ళకి ఇందులో ఒకేసారి తీసుకునే వీలు లేదు. మా వీధి చివర ఒక పెద్దాయన తన పెన్షన్‌లో మూడో వంతు అమ్ముకుని అప్పట్లో ఒకేసారి డబ్బు తెచ్చుకున్నాడు. దాన్ని కమ్యూటేషన్ అనేవారు. 2008లో ఎత్తేశారు. పాత రిటైర్డు వాళ్ళు చెప్పే మాటలు విని ఇప్పటికీ చాలామంది ఆ డబ్బు కోసం ఎదురుచూస్తుంటారు.

అర్హత

దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పదేళ్ళ సర్వీసు ఉండాలి. ఆరు నెలలు, ఆపైన ఉన్న ముక్కని ఏడాదిగా లెక్కేస్తారు కాబట్టి తొమ్మిదేళ్ళ ఆరు నెలలు ఉన్నా పదేళ్ళే. పూర్తి పెన్షన్ 58కి. ఉద్యోగం వదిలేసినవాళ్ళు 50 దాటాక ఎప్పుడైనా తగ్గించిన పెన్షన్ తీసుకోవచ్చు. 58 నిండినవాళ్ళు కావాలనుకుంటే 60 వరకు వాయిదా వేసుకోవచ్చు.

పదేళ్ళ దగ్గర తేడా వచ్చేది ఎక్కువగా పాత ఉద్యోగాల వల్లే. విజయవాడ ఆటోనగర్‌లో నాలుగేళ్ళు చేసి, తర్వాత ఇంకో చోట ఏడేళ్ళు చేసినవాడికి పదకొండేళ్ళు అవుతాయి. కానీ మొదటి ఉద్యోగం మానేసినప్పుడు ఫారం 10సి పెట్టి పెన్షన్ డబ్బు తీసేసుకుని ఉంటే ఆ నాలుగేళ్ళు పోయినట్టే, మిగిలేది ఏడే. అప్పుడు తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ తెచ్చుకుని ఉంటే అవి కలుస్తాయి. బాబాయికి ఈ గొడవ లేదు. ఒకే మిల్లు, ఒకే ఖాతా, పదహారేళ్ళు.

బాబాయికి ఎంత వస్తుంది

సూత్రం ఇది: పెన్షన్‌కి లెక్కేసే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. ఈ 70 ఎక్కడిదని బాబాయి అడిగాడు. 35 ఏళ్ళు చేసినవాడికి జీతంలో సగం వచ్చేలా పెట్టిన అంకె అది. లెక్కేసే జీతం అంటే చివరి 60 నెలల సగటు, అది కూడా పరిమితి మేరకే. బాబాయికి గత అయిదేళ్ళుగా 15,000 పైనే కాబట్టి 15,000 తీసుకోవచ్చు. కానీ 2014 సెప్టెంబరుకి ముందున్న సర్వీసుకి 6,500కి మించి లెక్కకట్టరు.

2009 సెప్టెంబరు నుంచి 2014 ఆగస్టు దాకా 5 ఏళ్ళు. 6,500ని 5తో గుణించి 70తో భాగిస్తే 464. 2014 సెప్టెంబరు నుంచి 2025 ఆగస్టు దాకా 11 ఏళ్ళు. 15,000ని 11తో గుణించి 70తో భాగిస్తే 2,357. రెండూ కలిపితే నెలకి 2,821 రూపాయలు.

బాబాయి కాసేపు మాట్లాడలేదు. "పదహారేళ్ళకి ఇంతేనా?" అన్నాడు. ఇంతే. 22,000 జీతాన్ని 16తో గుణించి 70తో భాగించి అయిదు వేలు వస్తాయని ఎవరో చెప్పారట. పరిమితి సంగతి తెలియక అలా చెప్తుంటారు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అసలు జీతం మీద ఎక్కువ పెన్షన్‌కి ఆప్షన్ ఇచ్చారు నిజమే. కానీ దానికి ఉద్యోగులు దరఖాస్తు పెట్టుకునే గడువు 2023 జూలై 11తో ముగిసింది. పైగా అది పూర్తి జీతం మీద పీఎఫ్ కట్టినవాళ్ళకి సంబంధించింది. 15,000 మీదే కట్టిన బాబాయికి అప్పుడూ వర్తించేది కాదు.

20 ఏళ్ళ సర్వీసు నిండి 58కి రిటైరయ్యేవాళ్ళకి ఇంకో రెండేళ్ళు ఉచితంగా కలుపుతారు. మీకు 20 దాటి ఉంటే ఆ బోనస్ పడిందో లేదో మంజూరు కాగితంలో చూసుకోండి. బాబాయికి 16 కాబట్టి ఆ ముచ్చట లేదు.

60 దాకా ఆగితే

ఇక్కడే బుక్‌లెట్‌లో రెండు పేర్లున్నాయి. ఒకటి, 58 తర్వాత పెన్షన్ నిధికి ఏమీ కట్టకుండా ఊరికే వాయిదా వేయడం. రెండోది, కడుతూ వాయిదా వేయడం. బాబాయి షిఫ్టువాళ్ళు చెప్పింది మొదటిది.

మొదటి దారిలో ఏడాదికి నాలుగు శాతం చొప్పున రెండేళ్ళకి ఎనిమిది శాతం పైచిలుకు పెరుగుతుంది. 2,821 కాస్తా సుమారు 3,050 అవుతుంది. అంటే నెలకి 229 రూపాయలు ఎక్కువ. దానికోసం బాబాయి వదులుకునేది 24 నెలల పెన్షన్, అంటే 67,704 రూపాయలు. ఆ మొత్తాన్ని నెలకి 229 చొప్పున తిరిగి రాబట్టుకోవాలంటే 296 నెలలు పడుతుంది. దాదాపు పాతికేళ్ళు. 60కి మొదలుపెడితే 84 దాటి 85లో పడ్డాక గానీ ఆగినందుకు లాభం మొదలవదు.

"మా నాన్న 71కే పోయాడు" అన్నాడు బాబాయి. నేనేం అనలేదు.

అంతటితో అయిపోలేదు. ఈ పెన్షన్‌కి డీఏ లేదు. ఈ రోజు మంజూరైన 2,821 పదేళ్ళ తర్వాత కూడా 2,821 గానే ఉంటుంది, ప్రభుత్వం ప్రత్యేకంగా ఏమైనా పెంచితే తప్ప. అలాంటప్పుడు ముందు చేతికొచ్చిన రూపాయికే విలువ ఎక్కువ. దాన్ని కూడా అంకెల్లో చూద్దామని పిన్ని చేత ఇంకో లెక్క రాయించాను.

బాబాయి 58కే పెన్షన్ మొదలుపెట్టి, జీతంతోనే ఇల్లు గడుపుకుంటూ, ఆ 2,821ని ముట్టుకోకుండా బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌లో వేశాడనుకుందాం. రెండేళ్ళలో వడ్డీ సంగతి పక్కన పెట్టినా 67,704 పోగవుతుంది. 60 నిండగానే 67,000 తీసుకెళ్ళి పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేస్తాడు. 2025లో దాని వడ్డీ 8.2 శాతం. కొత్తగా వేసే డిపాజిట్లకి రేటు మూడు నెలలకోసారి ప్రకటిస్తారు కాబట్టి ఆయన వేసే రోజుకి కొంచెం అటూ ఇటూ కావచ్చు. వేసిన రోజు రేటు మాత్రం అయిదేళ్ళు మారదు. 8.2 ప్రకారం ఏడాదికి 5,494, నెలకి చూసుకుంటే 458.

పెన్షన్ 2,821, వడ్డీ 458, మొత్తం 3,279. ఆగితే వచ్చేది 3,050. ఆగకుండా తీసుకున్నవాడికి నెలకి రెండు వందల పైన ఎక్కువ వస్తోంది, పైగా 67,000 అసలు అలాగే ఉంది. రేటు 5 శాతానికి పడిపోయినా నెలకి 279 వస్తుంది, అది కూడా 229 కన్నా ఎక్కువే.

కడుతూ ఆగితే

రెండో దారి కొంచెం మెరుగు. ఇందులో 60 దాకా మిల్లు నెలకి 1,250 పెన్షన్ నిధికే పంపుతుంది, ఆ రెండేళ్ళూ సర్వీసులో కలుస్తాయి. 15,000ని 2తో గుణించి 70తో భాగిస్తే 428. సర్వీసు పెరగడం వల్లే పెన్షన్ 3,250కి చేరుతుంది.

దీనికయ్యే ఖర్చు మాత్రం చాలామంది చూడరు. 58 నిండాక మామూలుగా పెన్షన్ నిధికి కట్టడం ఆగిపోతుంది, మిల్లు వాటా 1,800 మొత్తం ఉద్యోగి పీఎఫ్‌లోనే పడుతుంది. కడుతూ వాయిదా వేస్తే అందులోంచి 1,250 మళ్ళీ పెన్షన్‌కి పోతుంది. 24 నెలలకి 30,000. వదులుకున్న పెన్షన్ 67,704తో కలిపితే 97,704. దాన్ని 428తో భాగిస్తే 228 నెలలు, అంటే పంతొమ్మిదేళ్ళు. 79 దాటాలి.

ఆఫీసు వాళ్ళు దీనిమీద ఏడాదికి నాలుగు శాతం పెంపు కూడా కలిపి లెక్కకట్టి ఇచ్చారనే అనుకుందాం. అప్పుడు సుమారు 3,510 అవుతుంది. మన వైపు 97,000ని అదే 8.2 శాతానికి వేస్తే నెలకి 663, పెన్షన్‌తో కలిపి 3,484. పాతిక రూపాయల తేడా. కానీ ఒక వైపు 97,000 చేతిలో ఉంది, ఇంకో వైపు లేదు. బాబాయికి ఏమన్నా అయితే పిన్నికి కుటుంబ పెన్షన్‌గా సగమే వస్తుంది, కనీసం 1,000. ఆ అసలు మాత్రం మొత్తం పిన్నిదే.

కడుతూ ఆగడం నిజంగా కలిసొచ్చేవాళ్ళు లేకపోలేదు. జీతం ఈ మధ్యే పెరిగినవాళ్ళు. ఒకరికి చివరి అయిదేళ్ళలో మూడేళ్ళు 10,000, రెండేళ్ళు 14,000 ఉందనుకోండి. సగటు 11,600. ఇంకో రెండేళ్ళు 14,000 మీద కడితే చివరి 60 నెలల్లో 10,000 ఉన్నది ఒక్క ఏడాదే మిగులుతుంది, సగటు 13,200కి పెరుగుతుంది. ఆ పెరిగిన 1,600 రూపాయలు 2014 తర్వాతి పదకొండేళ్ళ సర్వీసుకీ వర్తిస్తాయి. అంటే కొత్త రెండేళ్ళ సర్వీసు కాకుండానే నెలకి 251 అదనం. మీ పరిస్థితి ఇలా ఉంటే నా మాట పట్టుకుని 58కే తీసుకోకండి. జీతం స్లిప్పులు ముందేసుకుని ఇదే పద్ధతిలో లెక్క వేసుకోండి.

నాకు తెలిసి 60 దాకా ఆగడానికి ఇంకో కారణం కూడా ఉంది, కానీ అది లెక్కల్లో రాదు. చేతికొస్తే ఖర్చయిపోతుంది అనుకునేవాళ్ళు ఉంటారు. బాబాయి ఆ మాటే అన్నాడు. పిన్ని వెంటనే "పెన్షన్ పడే ఖాతా కార్డు నా దగ్గర పెట్టుకుంటాలే" అంది. ఆ కారణం అక్కడితో పోయింది.

50 దాటాక ముందే తీసుకోవడం

ఇది బాబాయికి అక్కర్లేదు, ఉద్యోగంలో ఉండగా 58కి ముందు పెన్షన్ రాదు. కానీ ఆయనతో పాటే అదే నెలలో చేరిన ఒకాయన మోకాళ్ళ నొప్పులతో 55కే మానేశాడు. ఆయన సర్వీసు 13 ఏళ్ళు. 58 దాకా ఆగితే 2,178 వస్తుంది. 55కే మొదలుపెడితే తక్కువైన ఒక్కో ఏడాదికీ నాలుగు శాతం కోస్తారు, సుమారు 1,920 వస్తుంది. ఆ కోత 58 నిండాక తీసేయరు, జీవితాంతం ఉంటుంది. దాన్ని చూపించే అందరూ భయపెడతారు.

కానీ అదే భాగహారం ఇక్కడ కూడా వేయండి. మూడేళ్ళు ముందుగా వచ్చేది 36 నెలలకి 69,120. తర్వాత నెలనెలా తగ్గేది 258. 69,120ని 258తో భాగిస్తే 268 నెలలు. 58 నుంచి ఇరవై రెండేళ్ళు, అంటే 80 దాటేదాకా ముందు తీసుకున్నవాడే పైన ఉంటాడు. వేరే ఆదాయం లేక, మందులకి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు చేస్తూ 58 కోసం ఎదురుచూడడం తెలివైన పని కాదు. ఆయన కూడా మొదట ఆగుదామనే అనుకున్నాడు.

దరఖాస్తు పెట్టేముందు చూడాల్సింది

నిర్ణయం అయ్యాక పని ఫారం 10డి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కాపీ, భార్యాభర్తల జాయింటు ఫోటో, పిల్లల వివరాలు కావాలి. ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. అందులో పెన్షన్ ఎప్పటి నుంచి కావాలో అడిగే చోట జాగ్రత్త. వాయిదాకి ఆప్షన్ ఇవ్వకుండా ఊరికే ఆలస్యంగా పెట్టినవాళ్ళకి ఆ ఎనిమిది శాతం రాదు. 58 నిండిన మర్నాటి నుంచి బకాయి లెక్కకట్టి ఇస్తారు, అంతే.

ఫారం తిప్పి పంపించే కారణాల్లో నాకు ఎక్కువగా కనిపించేది ఒకటుంది. నేను పద్దులు చూసిన ఒక చిన్న కంపెనీలో ఒక డ్రైవరుకి 58 నిండాయి. జీతాల సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ మార్చలేదు, ఏడు నెలలు పాత లెక్క ప్రకారమే 1,250 పెన్షన్ నిధికి పోతూనే ఉంది. నేనూ గమనించలేదు. ఆయన 10డి పెట్టాక 58 తర్వాత కూడా పెన్షన్ వాటా పడుతోందని వెనక్కి పంపారు. కంపెనీ ఉత్తరం రాసి, ఆ ఏడు నెలల సొమ్ము పీఎఫ్ ఖాతాకి మార్పించి, మళ్ళీ ఫారం పెట్టేసరికి ఇంకో అయిదు నెలలు పట్టింది. బకాయితో సహా డబ్బంతా వచ్చింది కానీ ఆ అయిదు నెలలూ ఆయన టెన్షన్ చూడలేకపోయాను.

దీన్ని ఎవరైనా ఇంట్లోనే పట్టుకోవచ్చు. పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే ఒక్కో నెలకీ మూడు అంకెలు పక్కపక్కన ఉంటాయి: ఉద్యోగి వాటా, యాజమాన్యం వాటా, పెన్షన్ వాటా. 15,000 మీద కట్టేవాళ్ళకి 58 దాకా అవి 1,800, 550, 1,250 గా ఉంటాయి. 58 నిండిన తర్వాతి నెల జీతం నుంచి 1,800, 1,800, 0 గా మారాలి. మూడో అంకె సున్నా కాకపోతే ఆ రోజే టైమ్ ఆఫీసుకి వెళ్ళండి. కడుతూ వాయిదా వేసుకున్నవాళ్ళకి మాత్రం అక్కడ 1,250 ఉండాల్సిందే.

దాంతో పాటు సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, పాత ఉద్యోగాలు మానేసిన తేదీలు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో చూడండి. బాబాయి పుట్టిన తేదీ కలిసింది, ఇంటిపేరు స్పెల్లింగులో ఒక అక్షరం తేడా వచ్చింది. దాన్ని ముందే సరిచేయించాం.

పెన్షన్ పడే బ్యాంకు విషయంలో ఇప్పుడు ఇబ్బంది లేదు. 2025 జనవరి నుంచి కేంద్రీకృత చెల్లింపు విధానం వచ్చింది, దేశంలో ఏ బ్యాంకు, ఏ బ్రాంచి అయినా సరే. లైఫ్ సర్టిఫికెట్ కూడా ఈ పథకం వాళ్ళు నవంబరులోనే ఇవ్వాలని లేదు. ఏడాదిలో ఎప్పుడు ఇచ్చినా అక్కడి నుంచి పన్నెండు నెలలు చెల్లుతుంది. ఫోన్లో ముఖం చూపించి కూడా ఇచ్చేయొచ్చు.

బాబాయి సెప్టెంబరు మొదటి వారంలో 10డి పెట్టాడు, సెప్టెంబరు 1 నుంచే పెన్షన్ కావాలని. అక్టోబరులో మా ఇంటికొచ్చినప్పుడు ముందుగా ఫోన్ తీసి పాస్‌బుక్ చూపించాడు. సెప్టెంబరు జీతం వరసలో 1,800, 1,800, 0. పిన్ని ఆపాటికే రికరింగ్ డిపాజిట్ ఫారం తెచ్చి పెట్టుకుంది, తన పేరు మీద.